హాలు, పడకగది మధ్య గోడ గురించి

పర్లాకిమిడి

అప్పారావు గారికి,

నమస్కారం. హాలు పెద్దది చేయాలన్న మీ కోరిక నాకు తెలుసు. కానీ ఆ గోడ తీయడానికి నేను ఒప్పుకోలేను. మీ ఇంట్లో పిల్లర్లు లేవు, బరువంతా గోడల మీదే. స్విచ్ బోర్డు దగ్గర ప్లాస్టరింగ్ చెక్కి చూశాను: అది 9 అంగుళాల ఇటుక గోడ. రెండు గదుల స్లాబూ దాని మీదే ఆనింది, పైన మేడగది గోడ కూడా సరిగ్గా అక్కడే లేచింది. ఆ మేడగది గోడే అడుగు పొడవుకు 400 కిలోల పైమాట.

గోడ తీస్తే 10 అడుగులు దాటాల్సిన స్లాబు 20 అడుగులు దాటాలి. నాలుగున్నర అంగుళాల స్లాబు అంత దూరం ఆగదు. పైగా బయటి పొడవు గోడలను గాలికి నిలబెట్టేది ఈ అడ్డగోడే. 2018లో తిత్లీ తుఫాను మన ఊళ్లను ఎలా కుదిపిందో మీరు చూశారు.

మేస్త్రీ "ఏమీ కాదు" అన్నా గడ్డపార వేయనివ్వకండి. మధ్యలో 4 అడుగుల ద్వారం కావాలంటే ముందు స్లాబుకు పోట్లు పెట్టి, లింటల్ వేసి ఇవ్వగలం. డ్రాయింగ్ నేనే గీస్తాను. వంటింటి పక్కనున్న నాలుగున్నర అంగుళాల గోడ మీద మాత్రం ఏ బరువూ లేదు, దాన్ని తీసేయవచ్చు.

ఇట్లు,
మీ స్ట్రక్చరల్ ఇంజనీరు