ఈ రోజు నాన్న పుట్టినరోజు

నాన్న ఉండుంటే ఈ రోజుతో 70 నిండేవి. వెళ్లిపోయి మూడేళ్లవుతోంది.

పొద్దున్నుంచి ఆయన టైమ్‌లైన్ మీద కొందరు "హ్యాపీ బర్త్‌డే సార్, నూరేళ్లు చల్లగా ఉండాలి" అని రాస్తున్నారు. పాపం, వాళ్లకు తెలియదు. అకౌంటును స్మారకంగా మార్చమని ఫేస్‌బుక్‌ని అడగొచ్చు, కానీ అలా మారిస్తే పుట్టినరోజు గుర్తు చేయడం ఆగిపోతుంది. అందుకే అమ్మ వద్దంది. ఏడాదికో రోజైనా పదిమంది ఆయన్ని తలుచుకుంటారు కదా, ఉండనీ అంది.

నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉండాల్సిందే. చెల్లి పెళ్లి ఫోటోల్లో కూడా కొత్త చొక్కా జేబులోంచి దాని పసుపు పిడి తొంగిచూస్తుంటుంది. ఫోటోగ్రాఫర్ తీసేయమంటే "ఉండనీవయ్యా, ఎప్పుడేం అవసరమొస్తుందో" అన్నారట. చెల్లికి ఇప్పటికీ ఆ ఫోటో అంటేనే ఇష్టం.

గాలివాన వచ్చిన రాత్రి అందరూ తలుపులు వేసుకుంటుంటే ఆయన రెయిన్‌కోటు తగిలించుకుని బయల్దేరేవారు. ఎల్‌సీ, అంటే లైన్ ఆపామన్న అనుమతి, తీసుకోకుండా స్తంభం ఎక్కరని, లైన్ ఆపారన్నా తను మళ్లీ చూసుకోనిదే తీగ ముట్టుకోరని అమ్మకు తెలుసు. అయినా పడుకునేది కాదు. చీకట్లో గోడకానుకుని కూర్చునేది. ఏ అర్ధరాత్రో టక్కున కరెంటు వచ్చేది, వీధిలో పిల్లలు ఓ అని అరిచేవాళ్లు. అమ్మ మాత్రం "హమ్మయ్య, దిగారు" అనేది. అప్పుడు లేచి నీళ్లు కాచడం మొదలుపెట్టేది.

రిటైరయ్యాక ఫేస్‌బుక్ నేర్చుకున్నారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆయన కామెంట్లు చదువుతుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. మా పాప మొదటి అడుగులేసిన ఫోటో పెడితే అందరూ లవ్ సింబల్స్ పెట్టారు. నాన్న రాసింది ఇది: "బంగారుతల్లి. వెనక స్విచ్‌బోర్డు మూత ఊడింది, ఈ రోజే బిగించు." సాయంత్రం ఫోన్ చేసి "బిగించావా?" అని అడిగి, ఊఁ అనగానే పెట్టేశారు. ముప్పై సెకన్లు కూడా మాట్లాడలేదు. ప్రేమ, గీమ లాంటి మాటలు ఆయన నోట ఎప్పుడూ విన్నది లేదు. వినాలని మాకు అనిపించనూ లేదు.

పాపకిప్పుడు ఆరేళ్లు. మెయిన్ ఆపకుండా నేను బల్బు మార్చబోతే "తాతయ్య తిడతాడు" అంటోంది. దానికి ఆయన ఎంత గుర్తున్నారో తెలియదు గానీ, ఆ ఒక్క ముక్క మాత్రం గట్టిగా పట్టుకుంది.

పుట్టినరోజు శుభాకాంక్షలు, నాన్నా. అమ్మ బాగానే ఉంది. బీపీ మాత్రలు నేనే దగ్గరుండి వేయిస్తున్నాను.

నాన్నతో కలిసి పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆయన గురించి మాకు తెలియనిది ఒక్కటైనా కామెంట్లో రాయండి. సాయంత్రం అమ్మకు అన్నీ చదివి వినిపిస్తాను.