అయొడిన్-131 క్షయ వక్రం: స్కేలు పట్టుకుని చేయాల్సిన లెక్కలు

ఇంటర్ రెండో సంవత్సరం, భౌతికశాస్త్రం, కేంద్రకాలు. అమలాపురం. మార్కులు 20, సమయం 45 నిమిషాలు. లాగరిథమ్ టేబుల్ ఉండొచ్చు. స్కేలు, చెక్కిన పెన్సిల్ లేకుండా మాత్రం కూర్చోవద్దు.

పటం: అడ్డంగా కాలం, 0 నుంచి 32 రోజులు. ఒక పెద్ద గడి 4 రోజులు, అందులో పది చిన్న గడులు. నిలువుగా మిగిలిన అయొడిన్-131 శాతం, 0 నుంచి 100. ఒక పెద్ద గడి 10 శాతం, చిన్న గడి 1 శాతం. వక్రం 100 దగ్గర మొదలై (8, 50), (16, 25), (24, 12.5) బిందువుల మీదుగా దిగి 32 దగ్గర 6.25కి చేరుతుంది. అడ్డగీతను ఎక్కడా తాకదు.

చదివే ప్రతిచోటా వక్రం నుంచి రెండు అక్షాలకీ చుక్కల గీతలు గీయండి. గీత లేని జవాబుకు సగం మార్కులే.

1. అయొడిన్-131 అర్ధజీవితకాలం ఎంత? (1)

2. 4వ రోజున, 12వ రోజున ఎంతెంత శాతం మిగిలి ఉంది? ఈ రెండు అంకెల్ని చూసి మొదటి ప్రశ్న జవాబును సరిచూడండి. (3)

3. (అ) 8లో 7 వంతులు ఎన్ని రోజులకు క్షయమవుతాయి? (ఆ) పటం 32తో ఆగిపోయింది. 40వ రోజున మిగిలే భిన్నం ఎంత? (2)

4. 30 శాతం మిగలడానికి పట్టే కాలాన్ని వక్రం నుంచి చదవండి. N/N₀ = (1/2)^(t/T) తో సరిచూడండి. (2)

5. థైరాయిడ్ చికిత్స కోసం 12 మిల్లీక్యూరీల అయొడిన్-131 సోమవారం ఉదయం 9కి నవీ ముంబయిలో బయలుదేరింది. కాకినాడలో డాక్టరుగారికి కావలసింది 10 మిల్లీక్యూరీలు. (అ) బుధవారం ఉదయం 9కి చేరితే సరిపోతుందా? (ఆ) వాన వల్ల శుక్రవారం 9కి చేరితే? (ఇ) ఏ రోజు ఎన్నింటిలోగా చేరాలి? (4)

6. గీగర్ కౌంటర్ దగ్గర ఏ నమూనా లేనప్పుడు నిమిషానికి 20 కౌంట్లు వచ్చాయి. అయొడిన్ పెట్టగానే 420. ఎనిమిదో రోజున ఎంత చూపిస్తుంది? "420లో సగం, 210" అన్న స్నేహితుడికి రెండు వాక్యాల్లో జవాబు రాయండి. (4)

7. భీమవరం దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే అడుగున నల్లటి మొద్దు బయటపడింది అనుకుందాం. బతికున్న చెట్టుతో పోలిస్తే అందులో కార్బన్-14 60 శాతమే ఉంది. కార్బన్-14 అర్ధజీవితకాలం 5730 సంవత్సరాలు. ఇదే పటం వాడి మొద్దు వయసు చెప్పండి. కొత్త గ్రాఫ్ గీయనక్కర్లేదు. (4)

జవాబులు (ముందు మీరు చేశాకే)

1. 8 రోజులు.

2. సుమారు 71, 35. మధ్యలో 8 రోజులు, విలువ సగమైంది. సున్నా నుంచే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు, వక్రం మీద ఎక్కడ వేలు పెట్టినా అంతే.

3. (అ) 24 రోజులు. ఏటా ఇక్కడ సగం క్లాసు జారిపడుతుంది: 7/8 పోయింది కాబట్టి మిగిలింది 1/8, అంటే మూడు సగాలు. నిలువు అక్షం మీద ఉన్నది మిగిలినది, పోయినది కాదు. 87.5 దగ్గర గీత గీసినవాళ్లు అక్షం పేరు మళ్లీ చదవండి. (ఆ) ఐదు సగాలు, 1/32.

4. దాదాపు 14 రోజులు. సూత్రంతో: log 0.3 = −0.523, దాన్ని −0.301తో భాగిస్తే 1.737, ఎనిమిదితో గుణిస్తే 13.9.

5. (అ) 2 రోజులకు 84 శాతం మిగులుతుంది. 12 × 0.84 = 10.1, సరిపోతుంది, బొటాబొటిగా. (ఆ) 12 × 0.71 = 8.5, చాలదు. (ఇ) 10/12 అంటే 83 శాతం, వక్రం మీద 2 దాటి కొంచెం. కానీ చిన్న గడి ఒక్కటే 0.4 రోజు, అంటే దాదాపు పది గంటలు, కాబట్టి గంట చెప్పడానికి గ్రాఫ్ చాలదు. ఇక్కడ సూత్రమే దిక్కు: log 1.2 / log 2 = 0.263, 8 రోజుల్లో 2.1 రోజులు, 50 గంటల 30 నిమిషాలు. బుధవారం ఉదయం 11:30.

6. 220. ఆ 20 కౌంట్లు అయొడిన్‌వి కావు, నేల నుంచి, గోడల నుంచి, ఆకాశం నుంచి వచ్చేవి, ఎనిమిది రోజుల తర్వాతా అలాగే ఉంటాయి. సగమయ్యేది 400 మాత్రమే: 200 + 20. స్నేహితుడు 210 కోసం చూస్తూ కూర్చుంటే అది 8.6 రోజులకు వస్తుంది, అర్ధజీవితకాలం తప్పుగా రాసుకుంటాడు.

7. 60 శాతం దగ్గర వక్రం చూపేది 5.9 రోజులు. అది అయొడిన్ అర్ధజీవితకాలంలో 5.9/8 = 0.74 వంతు. కార్బన్‌కూ అదే వంతు: 0.74 × 5730, సుమారు 4200 సంవత్సరాలు. అడ్డగీత కింద 8ని కొట్టేసి 5730 రాస్తే ఇదే బొమ్మ కార్బన్‌ది. కాకపోతే ఒక చిన్న గడి ఇప్పుడు 290 సంవత్సరాలకు దగ్గర, అందుకే 4226 అని నాలుగంకెలూ రాసినవాళ్లకు అర మార్కు కోత.