విస్తృతి, ప్రామాణిక విచలనం: అభ్యాస పత్రం

డిగ్రీ సాంఖ్యక శాస్త్రం, మొదటి సంవత్సరం. మొత్తం 25 మార్కులు. జవాబులను నోటుబుక్కులో పూర్తి సోపానాలతో రాసి గురువారం తరగతికి తీసుకురావాలి. క్యాలిక్యులేటర్ వాడవచ్చు గాని, మధ్యలోని అంకెలు కనబడకుండా చివరి జవాబు మాత్రమే రాస్తే సగం మార్కులే వస్తాయి. ఇందులోని దత్తాంశాలన్నీ లెక్క కోసం కల్పించినవి.

చేసి చూపిన లెక్క

మద్దిలపాలెం బస్టాపులో ఒక విద్యార్థిని ఈ నెలలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఆరు ఉదయాలు బస్సు కోసం ఎన్ని నిమిషాలు నిలబడిందో రాసుకుంది: 7, 12, 9, 15, 8, 9. వీటి మొత్తం 60, సగటు 10.

| నిమిషాలు | విచలనం | విచలన వర్గం |
|---|---|---|
| 7 | −3 | 9 |
| 12 | 2 | 4 |
| 9 | −1 | 1 |
| 15 | 5 | 25 |
| 8 | −2 | 4 |
| 9 | −1 | 1 |
| మొత్తం | 0 | 44 |

రెండో నిలువు వరుస మొత్తం సున్నా వచ్చిందా లేదా అన్నది చూడకుండా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే సగటులో దొర్లిన తప్పును అక్కడే పట్టుకోగలం. 15 నిమిషాలు నిలబడ్డ ఒక్క ఉదయమే 44లో 25 వంతులు తెచ్చిందని కూడా గమనించండి. వర్గం చేసినప్పుడు దూరంగా ఉన్న విలువల బరువు ఎక్కువవుతుంది.

ఇక 44ను దేనితో భాగించాలి? ఆ ఆరు ఉదయాల సంగతి మాత్రమే కావాలంటే అవే సమష్టి, కాబట్టి 6తో భాగించాలి: విస్తృతి 7.33, ప్రామాణిక విచలనం 2.71 నిమిషాలు. ఆ ఆరింటిని బట్టి నెల మొత్తాన్ని అంచనా వేయాలంటే అవి ప్రతిరూపం, కాబట్టి 5తో భాగించాలి: విస్తృతి 8.8, ప్రామాణిక విచలనం 2.97 నిమిషాలు. ఒకటి తగ్గించడం వట్టి ఆచారం కాదు. నెల అసలు సగటు 11 అనుకుందాం. అప్పుడు ఇవే ఆరు విలువలకు 11 నుంచి తీసిన విచలన వర్గాల మొత్తం 50 అవుతుంది. ప్రతిరూపం తన సొంత సగటు నుంచి కొలుచుకుంటే వచ్చేది 44 మాత్రమే, మరే సంఖ్య నుంచి కొలిచినా అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఇలా తగ్గిపోయే మొత్తాన్ని సరిచేయడానికే n − 1తో భాగిస్తాం. దీనికి బెసెల్ సవరణ అని పేరు.

ప్రశ్నలు

1. ఫిషింగ్ హార్బరులో ఐదు బోట్లు ఒక రోజు తెచ్చిన వంజరం కిలోల్లో: 42, 50, 38, 46, 54. (అ) ఈ ఐదూ ఒకే యజమానివి, ఆయనకు వేరే బోట్లు లేవు, ఆ రోజు లెక్కే ఆయనకు కావాలి. (ఆ) హార్బరుకు ఆ రోజు వచ్చిన బోట్లన్నింటి నుంచి ఈ ఐదింటిని చీటీలు వేసి తీశారు, మొత్తం బోట్ల విస్తృతిని అంచనా వేయాలి. రెండు సందర్భాల్లోనూ విస్తృతి, ప్రామాణిక విచలనం కనుక్కుని, భాజకాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక్కో వాక్యంలో రాయండి. (10 మార్కులు)

2. నాలుగు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల ప్రతిరూపం 31, 33, 30, 34 డిగ్రీలు. ఒక విద్యార్థి క్యాలిక్యులేటర్‌లో కుండలీకరణాలు లేకుండా `-2²` అని నొక్కి −4 అని, `-1²` అని నొక్కి −1 అని రాసుకుని, విస్తృతి సున్నా అని తేల్చాడు. తప్పు ఎక్కడుందో చెప్పి సరిచేయండి. విస్తృతి సున్నా కావాలంటే ఆ నాలుగు రోజులూ ఎలా ఉండాలో కూడా రాయండి. (6 మార్కులు)

3. సీతమ్మధార రైతుబజారులో పది రూపాయలకు మూడు దుకాణాల్లో 5, 6, 9 నిమ్మకాయలు వచ్చాయి. సగటును 7కు సవరించి లెక్క కడితే ప్రతిరూప విస్తృతి ఎంత వస్తుంది, అసలు ఎంత రావాలి? ఆ పొరపాటును ఏ నిలువు వరుస బయటపెడుతుంది? (5 మార్కులు)

4. పై బస్సు లెక్కలో ప్రతి ఉదయం ఇంకో 5 నిమిషాలు ఆలస్యమైతే సగటు, ప్రతిరూప విస్తృతి ఏమవుతాయి? పాత విలువలనే సెకన్లలోకి మారిస్తే విస్తృతి ఎంత? (4 మార్కులు)

ఎక్సెల్‌లో సరిచూసుకునేవారు ప్రతిరూపానికి `VAR.S`, `STDEV.S`, సమష్టికి `VAR.P`, `STDEV.P` వాడాలి. క్యాలిక్యులేటర్‌లో `σx` అన్నది సమష్టిది, `sx` అన్నది ప్రతిరూపానిది. పరీక్షల్లో తరచూ తారుమారయ్యేవి ఇవే.

సరిచూసుకోవడానికి జవాబులు

1. సగటు 46, వర్గాల మొత్తం 160. (అ) 32, 5.66 కిలోలు. (ఆ) 40, 6.32 కిలోలు.

2. వర్గాలు 1, 1, 4, 4, మొత్తం 10, విస్తృతి 3.33, ప్రామాణిక విచలనం 1.83 డిగ్రీలు. నాలుగు రోజులూ ఒకే ఉష్ణోగ్రత ఉంటేనే సున్నా.

3. సవరిస్తే 4.5, అసలు 4.33. విచలనాల మొత్తం సున్నాకు బదులు −1 వస్తుంది.

4. సగటు 15, విస్తృతి 8.8 గానే ఉంటుంది. సెకన్లలో 8.8 × 3600 = 31,680 సెకన్ల వర్గాలు; 60తో గుణించినవారు ప్రామాణిక విచలనానికీ విస్తృతికీ తేడా చూడలేదన్నమాట.