మండని మురికి

చేతులు కడుక్కోవడంపై పేపర్ కటౌట్ యానిమేషన్ స్క్రిప్ట్
నిడివి: 2 నిమిషాల 25 సెకన్లు
సెకనుకు 12 ఫోటోలు, మొత్తం 1,740
ఊరు: నాందేడ్ జిల్లా ధర్మాబాద్ పక్కన ఒక పల్లె
పాత్రలు: అమ్మమ్మ, ఏడేళ్ల లచ్చి, దాని తమ్ముడు చిన్నోడు (ఇంకా నడక రాలేదు), మిర్చి పనికి పోయే అమ్మ

టీమ్‌కు ముందు మాట

తెర మీద ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. తెలుగులో రాస్తే సగం మందికి చదవరాదు, మరాఠీలో రాస్తే అమ్మమ్మలకు రాదు. బొమ్మ, గొంతు, చప్పుడు, ఈ మూడింటితోనే నడవాలి.

క్రిములకు కొమ్ములు, కోరలు పెట్టొద్దు. రాక్షసుణ్ణి చూసి పిల్లలు నవ్వుతారు, తమ చేతి మీద రాక్షసుడు లేడు కాబట్టి కడగరు. ఈ కథంతా కనబడని దాని గురించి. అందుకే క్రిములను లచ్చి చేతి రంగు కాగితంతోనే కత్తిరించి, అంచులు కొంచెం పైకి మడిచి, చేతి మీద అంటించండి. పైనుంచి లైటు పడితే కనబడవు. లైటును పక్కకు, టేబుల్ ఎత్తుకు దించితే ఒక్కోదానికి నీడ లేస్తుంది. కథలో ఉన్న మాయ అంతా ఇదే. షూటింగ్‌కు ముందు ఒక రాత్రి చీకటి గదిలో పరీక్ష చేసుకోండి.

కారానికి ఎర్ర పతంగి కాగితం, నీళ్లకు నీలం జిలుగు కాగితం, మనుషులకు పాత పెండ్లి పత్రికల అట్ట. మోచేతికి, మణికట్టుకు దారం ముడి చాలు. అరచేతులు మాత్రం పెద్ద సైజులో విడిగా ఏడు జతలు కావాలి, ఐదో దృశ్యానికి.

దృశ్యం 1 (0:00–0:15)

ఎర్రటి మిరపకాయల కుప్ప, తెర నిండా. కుప్ప వెనుక నుంచి ఒక్కొక్కటే తలలు లేస్తాయి. ముక్కుకు కొంగు కట్టుకున్న ఆడవాళ్లు ముచ్చికలు తీస్తున్నారు. తీసిన కాయ ఒక పక్కకు, ముచ్చిక ఇంకో పక్కకు. చప్పుడు: టక్, టక్, టక్. ఎవరో తుమ్ముతారు, కుప్ప మొత్తం ఎగిరిపడుతుంది. లచ్చి అమ్మ పక్కన కూర్చుని తనూ తీస్తుంది. దాని వేళ్లకు ఎర్ర కాగితపు పొడి అంటుకుంటుంది.

అమ్మ: ఇగ చాలు బిడ్డా, ఇంటికి పో. అమ్మమ్మ ఒక్కతే ఉన్నది.

దృశ్యం 2 (0:15–0:45)

ఇంటి ముందు వేపచెట్టు నీడ. అమ్మమ్మ బెల్లం ముక్క ఇస్తుంది. లచ్చి తిని వేళ్లు నాకుతుంది. ఒక్క క్షణం ఏమీ కాదు. తర్వాత దాని ముఖం బొమ్మ మారుతుంది: మామూలు, గులాబీ, ఎరుపు, నాలుక బయటికి.

లచ్చి: మండుతున్నది అమ్మమ్మా!

బిందె, చెంబు. నీలం కాగితం చేతి మీదుగా జారిపోతుంది. ఎర్ర పొడి కదలదు. ఇంకో చెంబు. కదలదు.

లచ్చి: ఇన్ని నీళ్లు పోసినా పోతలేదు!

అమ్మమ్మ: కారానికి నీళ్లంటే లెక్క లేదే. సబ్బు తే.

లచ్చి: బడిల టీచర్ సాబణ్ అంటది.

అమ్మమ్మ: సాబణ్ అను, సబ్బు అను. ముందుగాల రుద్దు!

నురుగుకు తెల్ల టిష్యూ కాగితం. రుద్దుతుంటే ఎర్ర పొడి లేచి నురుగులోకి పోతుంది. తడి చేతిని తుడుచుకోవడానికి లచ్చి చేయి తాడు మీద ఆరేసిన అమ్మ చీర కొంగు దగ్గరకు పోతుంది. కొంగు నిండా మళ్లీ ఎర్ర పొడి! అమ్మమ్మ దాని చేయి పట్టుకుని గాలిలో విదిలిస్తుంది.

అమ్మమ్మ: అన్ని కష్టాలు పడి కడిగి, మళ్ల అండ్లనే పెడ్తవా? గాలికి ఆరనియ్.

(ఇక్కడ నవ్వు వస్తే రెండు సెకన్లు ఆగి ముందుకు పోండి. రాకపోతే కొంగును ఇంకొంచెం ఎర్రగా చేయండి.)

దృశ్యం 3 (0:45–1:05)

తొందరగా పోవాలి, వెనక డోలక్ చప్పుడు. సండాస్ తలుపు తెరుచుకుంటుంది, లచ్చి బయటికి వస్తుంది. బకెట్లో వేళ్లు ముంచి తీస్తుంది, ఒక్క సెకను కూడా పట్టదు. ఇంట్లోకి పరుగు. పళ్లెంలో జొన్న రొట్టె. ఒక ముక్క తను తింటుంది, ఇంకో ముక్క నమిలి మెత్తగా చేసి చిన్నోడి నోటి దగ్గరకు తెస్తుంది.

అమ్మమ్మ చేయి అడ్డం వస్తుంది. పెద్దది, తెర సగం. డోలక్ ఆగుతుంది.

అమ్మమ్మ: లచ్చీ, చేయి మండుతున్నదా?

లచ్చి: లేదు.

అమ్మమ్మ: మరి కడిగినవా?

లచ్చి: మండుతలేదు కద అమ్మమ్మా, ఎందుకు కడగాలె?

నిశ్శబ్దం. ఈగ చప్పుడు ఒక్కటే.

దృశ్యం 4 (1:05–1:40)

లచ్చి అరచేయి తెర నిండా. శుభ్రంగా ఉంది. అమ్మమ్మ దీపం పట్టుకుని కిందికి వంగుతుంది. లైటు మెల్లగా పైనుంచి పక్కకు దిగుతుంది, మూడు సెకన్లు పట్టాలి. నీడలు లేస్తాయి. గోళ్ల సందుల్లో, బొటనవేలి మొదట్లో, వేళ్ల నడుమ ఎక్కువ. చిన్నగా, మౌనంగా కదులుతుంటాయి.

అమ్మమ్మ: దొడ్డికి పోయిన చేతిల ఇవి ఉంటయ్. కారం తీర్గ అరవయ్. చప్పుడు చెయ్యక రొట్టె మీదికి, రొట్టె నుంచి చిన్నోడి కడుపులకు పోతయ్. ఆడికి పోయినంక విరేచనాలు.

చిన్నోడి కడుపు మీద ఒక నీడ పడుతుంది. వాడు ఏడవడు, వాడిపోయినట్టు తల వాలుస్తాడు. ఒక్క క్షణం, అంతే. దీన్ని పొడిగించొద్దు. పసిబిడ్డను పోగొట్టుకున్న ఇళ్లూ ఈ బొమ్మ చూస్తాయి.

లచ్చి: బకెట్ల ముంచినా పోలేదా?

అమ్మమ్మ: ముంచితే నీ చేతివి బకెట్లకు పోతయ్. చేతి మీద జిడ్డు ఉంటది, ఇవి దానికి అతుకుతయ్. నీళ్లకూ జిడ్డుకూ పడది.

సబ్బు బొమ్మలు వస్తాయి. నీలం గుండు తల, పసుపు పచ్చ తోక, నెత్తిన చిన్న తలపాగా, చంకలో ఖాతా పుస్తకం. అచ్చం మిర్చి మార్కెట్ అడ్తిదారు. తోక జిడ్డులో గుచ్చుతాడు, తలతో నీళ్లను పట్టుకుంటాడు. ఒకడు, పది మంది, వంద మంది. చుట్టూ చేరి జిడ్డును గుండ్రంగా మోసుకుపోతారు, దానికి అంటిన నీడలతో సహా.

అమ్మమ్మ: సబ్బు అడ్తిదారు అసువంటిది. ఒక చెయ్యి జిడ్డుకు ఇస్తది, ఒక చెయ్యి నీళ్లకు. నడుమ బేరం కుదురుస్తది. కమీషన్ అడగది!

(సబ్బు ఏదైనా సరే. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, రెండూ ఇదే పని చేస్తాయి. అందుకే చేతిలో పట్టే సబ్బు బిళ్లకు రంగు కాగితం, పేరు, రేపర్ ఏవీ వద్దు. మట్టితో రుద్దుకునే అలవాటు పాతవాళ్లకు ఉంది, దాన్ని చూపించొద్దు, మట్టిలో పురుగు గుడ్లు ఉండొచ్చు.)

దృశ్యం 5 (1:40–2:07)

వేపచెట్టు కొమ్మకు అయిదు లీటర్ల నూనె డబ్బా వేలాడుతోంది. మెడ కింద చిన్న రంధ్రం. మూతికి తాడు, తాడు కింద కర్ర. లచ్చి కాలితో కర్ర తొక్కితే డబ్బా వంగి సన్నటి ధార వస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. పక్కన దారానికి సబ్బు.

ఈ డబ్బా సరదాకు పెట్టింది కాదు. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టే ఊళ్లలో "కడుక్కోండి" అని చెబితే "తాగనీకే నీళ్లు లేవు" అంటారు, ఆ మాటలో తప్పేమీ లేదు. డబ్బా ధార సన్నగా పడుతుంది, రుద్దేటప్పుడు నీళ్లు వదలక్కరలేదు. కర్రను ముట్టేది చేయి కాదు, కాలు. చల్లటి నీళ్లతోనే పని జరుగుతుంది, వేడి చేయనక్కరలేదు.

తొక్కింది, తడిపింది, వదిలింది: 2 సెకన్లు. ఇక పాట. ఏడు పాదాలు, ఒక్కోటి 3 సెకన్లు, మొత్తం 21. ఒక్కో పాదానికి ఒక్కో పెద్ద చేతుల జత.

అమ్మమ్మ, లచ్చి (పాట):

అరచెయ్యి అరచెయ్యి, రొట్టె తట్టినట్టు
వెనక చెయ్యి వెనక చెయ్యి, గోడ అలికినట్టు
వేలి సందున వేలు దూర్చి, బుట్ట అల్లినట్టు
వేళ్లు వంచి వెనక రుద్ది, పిండి పిసికినట్టు
బొటనవేలు పట్టి తిప్పి, ముచ్చిక తీసినట్టు
గోరు గోరు అరచేతిల, బెల్లం గీకినట్టు
ముంజేతి చుట్టు మురిపెంగ, గాజు తొడిగినట్టు

ఎడిటింగ్ చేసే తమ్ముడికి: ఈ 252 ఫోటోల్లో ఒక్కటి కూడా కోయొద్దు. "చాలా పొడుగైంది అన్నా" అంటావని తెలుసు. కనీసం 20 సెకన్లు రుద్దాలి, చూసేవాళ్లకు ఆ 20 సెకన్లు ఎంతసేపో ఒంటికి తెలియాలి. మనం ఇక్కడ కోస్తే వాళ్లు బోరింగ్ దగ్గర కోస్తారు.

పాట సాగుతుంటే నీడలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆరో పాదం వరకు గోళ్ల కింద మూడు మిగలాలి, "బెల్లం గీకినట్టు" అన్నప్పుడే పోవాలి. చివరి 4 సెకన్లలో ధార, చేతులు విదిలించడం. కొంగు తాడు మీద ఊగుతుంది, లచ్చి దాన్ని చూసి ముఖం తిప్పుకుంటుంది.

దృశ్యం 6 (2:07–2:25)

సాయంత్రం, నారింజ రంగు కాగితం ఆకాశం. లచ్చి చిన్నోడికి రొట్టె ముక్క తినిపిస్తోంది, ఈసారి నమలలేదు, పాలలో నానబెట్టింది. మార్కెట్ నుంచి అమ్మ వస్తుంది, మోచేతుల దాకా ఎరుపు. చిన్నోణ్ణి చూడగానే చేతులు చాస్తుంది. వాడూ చేతులు చాస్తాడు.

నడుమ లచ్చి వచ్చి నిలబడుతుంది, రెండు చేతులూ అడ్డంగా.

అమ్మ: ఏందే? మార్కెట్ల నీళ్లతో కడుక్కోనే వచ్చిన!

లచ్చి: నీళ్లతోటి ఒప్పుకోదు అమ్మా. అడ్తిదారు కావాలె.

అమ్మకు అర్థం కాదు, అమ్మమ్మ వైపు చూస్తుంది. అమ్మమ్మ నవ్వు ఆపుకుంటూ కొమ్మకు వేలాడే డబ్బా చూపిస్తుంది. అమ్మ కాలు కర్ర మీద పడుతుంది. ధార చప్పుడు. తెర చీకటి.

చీకట్లో ముగ్గురి గొంతులు: అరచెయ్యి అరచెయ్యి, రొట్టె తట్టినట్టు...

చిన్నోడి కేరింత. ఆడియో ఇక్కడ ఆపండి.