క్వార్టర్లీ పేపర్లు ఇచ్చే ముందు ఒక మాట

కూర్చోండమ్మా. పేపర్లు ఇస్తాను, ముందు నా మాట వినండి.

హిస్టరీ క్వార్టర్లీ 41 మంది రాశారు. 35 దాటినవాళ్లు 16 మంది. నిన్న స్టాఫ్ రూమ్ బయట ఒకమ్మాయి ఏడుస్తూ, "హిస్టరీ నా వల్ల కాదు మేడం, గ్రూపు మారిపోతాను" అంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్కులు తగ్గాయి, నిజమే. ఆ మూడు గంటల్లో, ఆ ప్రశ్నలకి మీరు ఏం రాయగలిగారో అవి చెబుతాయి. అంతకు మించి చెప్పే శక్తి వాటికి లేదు.

కళింగ యుద్ధం పాఠం గుర్తుందా? క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నరమందిని పట్టుకుపోయారని, దానికి తాను బాధపడ్డానని అశోకుడు 13వ శిలాశాసనంలో చెక్కించాడు. కానీ దెబ్బతిన్న కళింగలో, అటు ధౌళిలోగానీ, మన ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలో వచ్చే జౌగడలోగానీ ఆ శాసనం పెట్టలేదు. అక్కడ "మనుషులందరూ నా బిడ్డలే" అని వేరే శాసనాలు వేయించాడు. ఒక్క రాయి చదివి అశోకుణ్ణి తేల్చేయకూడదని మీకు చెప్పింది నేనే. మరి ఒక్క పేపరు చూసి మిమ్మల్ని ఎలా తేల్చేస్తాను?

22 మార్కులు వచ్చిన ఒక పేపర్లో, చివర కొట్టేసిన రెండు లైన్లు ఉన్నాయి. "ఇదంతా రాజు చెప్పిందే. చనిపోయినవాళ్లు ఏం చెప్పేవాళ్లో" అని. కొట్టేసినదానికి మార్కు వేయలేను. కానీ ఆ లైన్ల దగ్గర పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఆగిపోయాను. ఆ చనిపోయినవాళ్లు మన కళింగ వాళ్లు కదా! చరిత్ర చదవడమంటే ఇలా అడగడమే. ఎవరు రాశారో పేరు చెప్పను. నాయనా, ఇకమీదట అలాంటివి కొట్టేయకు.

చాలామంది మొదటి జవాబుకే నాలుగు పేజీలు రాసేసి, చివరి ప్రశ్నలకి టైం లేక వదిలేశారు. అది తెలివి లేక జరిగింది కాదు, అలవాటు లేక. గడియారం చూసుకుంటూ రాయించడం నేను చేయలేదు, ఆ లోటు నాది. సోమవారం నుంచి రోజుకో ప్రశ్న, పదిహేను నిమిషాల్లో రాద్దాం. ఇంట్లో ఎవరైనా కోప్పడితే నాకు ఫోన్ చేయమనండి, నేను మాట్లాడతాను.

ఈ ఆదివారం శాలిహుండం వెళ్దాం. వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాల దగ్గర కూర్చుని, కళింగ యుద్ధం ప్రశ్నే మళ్లీ రాద్దురుగాని. క్యారేజీలు తెచ్చుకోండి, మంచినీళ్లు మర్చిపోకండి.

గ్రూపు మారతానన్న అమ్మాయి కూడా రావాలి. ఆ తర్వాత కూడా మారాలనిపిస్తే ఫారం మీద నేనే సంతకం పెట్టిస్తాను.

సరే, రోల్ నంబర్ 1, వచ్చి పేపరు తీసుకో నాయనా.