లేని ఓడకి కూరగాయలు: ఘాజీ ఎపిసోడ్ కోల్డ్ ఓపెన్, రికార్డింగ్ కాపీ

(తమ్ముడూ, బ్రాకెట్లలో ఉన్నవి నీకు. మిగతాది నేను చదివేది. టైటిల్ మ్యూజిక్ వచ్చేదాకా నమస్కారాలు, స్వాగతాలు, సబ్‌స్క్రైబ్ చేయండి అనడాలు ఏవీ ఉండవు. సముద్రం హోరు కూడా వద్దు. వైజాగ్ అనగానే అందరూ అదే వేస్తారు.)

(0:00. మ్యూజిక్ లేదు. మైక్‌కి బాగా దగ్గరగా, పక్కింటావిడకి చెప్పినట్టు చదువుతాను.)

1971 నవంబర్. విశాఖపట్నంలో ఒక యుద్ధనౌక కోసం మాంసం, కూరగాయలు బండ్లకొద్దీ ఆర్డరిచ్చారు.

(అర సెకను గ్యాప్. పెంచకు.)

ఆ ఓడ మాత్రం ఊళ్లో లేదు.

(0:12. ఇక్కడ ఒకే ఒక్క శబ్దం, టెలిగ్రాఫ్ టక్‌టక్. రెండు సెకన్లు చాలు. 0:15 కల్లా నా గొంతు మళ్లీ రావాలి.)

ఇంకో సంగతి వినండి. అదే ఓడలో పనిచేసే ఒక నావికుడి పేరు మీద వైర్‌లెస్‌లో ఒక కబురు వెళ్లింది. అమ్మకి సీరియస్‌గా ఉందట కదా, ఎలా ఉందో చెప్పండి అని. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో నేవీ మాటలన్నీ కోడ్‌లోనే నడుస్తాయి. ఇది మాత్రం మామూలు మాటల్లో, ఎవరు విన్నా అర్థమయ్యేలా వెళ్లింది.

ఎందుకంటే ఒకళ్లు వినాలి. వాళ్లు వినాలనే పంపారు.

(ఇక్కడ సన్నగా, లోతుగా ఒక్క స్వరం మొదలుపెట్టు. సినిమా డప్పులు వద్దు.)

ఆ వినాల్సినవాళ్లు నవంబర్ 14న కరాచీలో బయలుదేరారు. అరేబియా సముద్రం దిగి, లంక చుట్టూ తిరిగి, దాదాపు 4,800 కిలోమీటర్లు దాటి, మన బంగాళాఖాతంలోకి వచ్చారు. సబ్‌మెరైన్‌లో. లోపల 93 మంది. వాళ్లు వెతుకుతున్న ఓడ పేరు విక్రాంత్. అప్పటికి మన దేశానికి ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక.

వాళ్లు విశాఖ దాకా వచ్చారు. తిరిగి వెళ్లలేదు.

(స్వరం ఆపెయ్యి. పెదనాన్న క్లిప్ ఇక్కడ. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, తీసెయ్యకు. ఆయన మొదట్లో "రికార్డవుతోందా అమ్మా" అంటారు, అది మటుకు కట్ చెయ్.)

పెదనాన్న: "అప్పుడు మాకు వన్ టౌన్లో ఇల్లమ్మా. రేడియో ముందు కూర్చున్నాం, ఇందిరమ్మ మాట్లాడతాదని. పన్నెండు దాటింది. ఒక్కసారి కిటికీ రెక్కలు దబదబా కొట్టుకున్నాయి. గాలా అంటే గాలి లేదు. మా అమ్మ భూకంపమనుకుని చిన్నోణ్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. నేనెనకాలే రేడియో పట్టుకుని."

(ఆయన నవ్వు సగంలో ఉండగానే నేను అందుకుంటాను.)

పెదనాన్న ఇల్లు ఒక్కటే కాదు, తీరం వెంట చాలా ఇళ్ల కిటికీలు ఆ రాత్రి అదిరాయి. సముద్రంలో ఏం పేలిందో ఆ క్షణంలో ఎవరికీ తెలీదు. ఎందుకు పేలిందో ఇప్పటికీ రెండు దేశాలూ ఒకే మాట మీద లేవు.

ఇంతకీ విక్రాంత్ ఎక్కడుంది? ఆ కూరగాయల ఆర్డరిచ్చింది ఎవరు?

(టైటిల్ మ్యూజిక్. ఎనిమిది సెకన్లు, అంతకంటే పొడుగొద్దు.)

నమస్కారం. ఇది బీచ్ రోడ్డు కబుర్లు.

ఆర్కే బీచ్‌కి వెళ్లిన ప్రతివాళ్లూ కురుసురా సబ్‌మెరైన్ ముందు ఫొటో దిగుంటారు. అందులో సగం మందైనా ఇంటికెళ్లి, ఘాజీని, అంటే కరాచీ నుంచి వచ్చిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని, చూసొచ్చాం అని చెప్పుంటారు. కాదండీ. కురుసురా మనది. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, ఆ మరుసటేడు మ్యూజియమైంది. ఘాజీ ఇంకా నీళ్లలోనే ఉంది, మన తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే. అక్కడే బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' అని స్మారకం కూడా ఉంది. ఐస్‌క్రీమ్ బండి ఎక్కడుందో చూసినంత శ్రద్ధగా దాన్ని చూసినవాళ్లు తక్కువ. నన్నూ కలుపుకునే చెప్తున్నాను.

ఇప్పుడు ఆర్డర్ సంగతి. అప్పట్లో తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయనకొక పెద్ద టెన్షన్ ఉంది. విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగులొచ్చింది, ఓడ పూర్తి వేగంతో పరిగెత్తలేదు. వెంటాడే సబ్‌మెరైన్ ఎదురైతే తప్పించుకోవడం కష్టం. అందుకని దాన్ని గుట్టుగా అండమాన్ దీవుల్లోకి పంపేశారు. పంపేశాక, అది ఇక్కడే ఉన్నట్టు ఊరినీ శత్రువునీ కలిపి నమ్మించాలి.

రేవులో ఏ ఓడ ఉందో అందరికంటే ముందు తెలిసేది ఎవరికి? సరుకు సప్లై చేసే కాంట్రాక్టర్లకి. వాళ్ల దగ్గర్నుంచి బజారుకి, బజార్నుంచి ఊరంతటికీ. ఊళ్లో గూఢచారులున్నారని కృష్ణన్‌కి తెలుసు. వాళ్ల చెవిన పడాలనే అంత మాంసం, అన్ని కూరగాయలు ఆర్డరిచ్చారు. ఇదంతా ఆయన తర్వాత తనే రాసుకున్నారు. ఆ కూరగాయలు చివరికి ఎవరు తిన్నారన్నది మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. విశాఖలో ఎవరింట్లోనైనా ఆ కథ ఉంటే దయచేసి చెప్పండి, ఇంకో ఎపిసోడ్ చేసేస్తాను.

సముద్రం మీద ఆ నాటకం ఆడింది రాజ్‌పుత్. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పాత డిస్ట్రాయర్. అది విశాఖకి దూరంగా వెళ్లి, విక్రాంత్ లాంటి పెద్ద ఓడ ఉంటే వైర్‌లెస్‌లో ఎంత సందడి ఉంటుందో అంత సందడీ చేసింది. డిసెంబర్ 3 అర్ధరాత్రికి కాస్త ముందు అదే రాజ్‌పుత్ మళ్లీ మన రేవులోంచి బయటికొచ్చింది. దారిలో నీళ్లు అనుమానంగా కదిలాయని రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్ల లోపలికెళ్లి పేలే బాంబులు, వేసింది. కాసేపటికి ఆ పేలుడు.

ఆ చార్జీలే ఘాజీని ముంచాయని మన నేవీ మాట. కాదు, లోపల ఏదో ప్రమాదమో, వాళ్లు పెడుతున్న మైన్లే పేలడమో జరిగిందని పాకిస్తాన్ మాట. ఈ గొడవ నేను తేల్చలేను. తేల్చేసినట్టు నటించను కూడా.

(ఈ రెండు వాక్యాలూ కట్ చెయ్యొద్దు. కింద కామెంట్లలో ఎలాగూ కొట్టుకుంటారు, మనవైపు మాట స్పష్టంగా ఉండాలి.)

ఈ రోజు నా పక్కన, సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. పేరు వద్దన్నారు కాబట్టి మాస్టారూ అనే పిలుస్తాను. గాజువాక నుంచి ఆటోలో వచ్చారు. కాఫీ కూడా తాగకుండా మొదలెడదాం అంటున్నారు.

మాస్టారూ, నాకున్న మొదటి అనుమానం ఇదండీ. సబ్‌మెరైన్‌లో, నీళ్ల కింద, చీకట్లో ఉన్నప్పుడు, పైన వెళ్తున్నది విక్రాంతో రాజ్‌పుతో లోపలున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?

(ఇక్కణ్నుంచి మాస్టారి ట్రాక్. ఆయన "తెలీదమ్మా" అని మొదలుపెడతారు. ఆ మాటకి ముందు ఏ గ్యాపూ ఉంచకు.)