వేషం చూడగానే పేరు తట్టాలి

పిల్లలూ, శుభోదయం. శుక్రవారం మన బడిలో విచిత్ర వేషధారణ పోటీ. ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్లు కూడా మీరెవరో ఇట్టే పోల్చుకోవాలి.

రాముడికీ కృష్ణుడికీ నీలిరంగే పూస్తాం. చేతిలో విల్లుంటే రాముడు, తలపై నెమలిపింఛం, చేతిలో వేణువు ఉంటే కృష్ణుడు. పింఛాన్ని జిగురుతో అంటించకండి, మన బెజవాడ ఉక్కకు ఊడిపోతుంది. కాడను కిరీటానికి దారంతో రెండు చోట్ల కుట్టించండి.

అల్లూరి సీతారామరాజుకు కాషాయ బట్టలు, గడ్డం, విల్లమ్ములు. గడ్డాన్ని చెవుల వెనక్కి ఎలాస్టిక్‌తో కట్టాలి. బిగుతైతే మాట సరిగా పలకదు, కాబట్టి కట్టుకుని ఒకసారి డైలాగ్ చెప్పి చూడండి.

పింగళి వెంకయ్యగారి వేషం మనకు మరీ దగ్గరిది. 1921లో ఆయన గాంధీగారికి జెండా నమూనా చూపించింది ఈ బెజవాడలోనే. ఆ వేషానికి ఇప్పటి జెండా పట్టుకొస్తే మాత్రం తప్పే. అశోకచక్రం వచ్చింది 1947లో. అప్పటి జెండా మీద ఉన్నది రాట్నం. తెల్ల చార్టుపై రాట్నం పెద్దగా గీయండి, సన్నటి గీతలు దూరానికి ఆనవు.

బాణాల మొనలు అట్టతోనే చేయాలి. గురువారం మధ్యాహ్నం వేషసామగ్రి తెచ్చి మీ క్లాస్ టీచర్‌కు చూపించండి.